రెండు వరుసల్లోనే శ్లేష పండాలంటే: క్యాప్షన్ తిరగరాసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు మాటలతో ఆడుకుంటూ క్యాప్షన్లు రాసేవారిని ఒక చిక్కు వదలదు. రాసుకున్నప్పుడు చక్కగా పేలిన శ్లేష ఫీడ్‌లోకి వెళ్లాక చప్పబడిపోతుంది. మొదటి ఒకటి రెండు వరుసలు మాత్రమే కనిపించి, మిగతాది ‘మరిన్ని’ అనే మీట వెనక దాగడమే దీనికి కారణం. అలా క్యాప్షన్ తెగే చోటునే ఇక్కడ కోత అంటున్నాను. ఈ విషయంలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలను ఇక్కడ దశలవారీగా పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా జవాబు దానికదే అర్థమవుతుంది.

## తిరగరాయడానికి ముందు

పూర్తిగా చదివినవాళ్లు నవ్వుతున్నారు. ఫీడ్‌లో చూసినవాళ్లు మాత్రం గమనించకుండా వెళ్లిపోతున్నారు. ఎందుకు?

శ్లేష పండాలంటే పాఠకుడి ముందు మూడు ఉండాలి: రెండర్థాల మాట, దానికి మొదటి అర్థం ఇచ్చే తోడుమాట, రెండో అర్థం ఇచ్చే తోడుమాట. ‘చెట్టుకు పూత వచ్చింది, గోడకు పూత పోయింది’ అనే వాక్యం చూడండి. ‘పూత’ రెండర్థాల మాట. ‘చెట్టు’ దానికి పూలు పూయడం అనే అర్థం ఇస్తుంది, ‘గోడ’ దానికి రంగు పూయడం అనే అర్థం ఇస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కోత కిందికి పోయినా పాఠకుడికి మిగిలేది మామూలు వాక్యమే. ‘చెట్టుకు పూత వచ్చింది…’ దగ్గర ఆగిపోయిన మనిషికి అక్కడ ఇంకో అర్థం ఉందనే అనుమానమే రాదు. అనుమానం రానివాడు మీట నొక్కడు.

చాలామంది క్యాప్షన్ మొత్తాన్ని కుదించడానికి కష్టపడతారు. అంత అవసరం లేదు. ఈ మూడు మాటలూ కోతకు పైన ఉంటే చాలు. కింద ఎంత పొడవుగా రాసినా శ్లేషకు నష్టం లేదు.

125 అక్షరాల వరకు కనిపిస్తాయని విన్నాను. నాది అంతకంటే చిన్నదే, అయినా ఎందుకు తెగింది?

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్ 2,200 అక్షరాల వరకు ఉండవచ్చు. అందులో ఫీడ్‌లో కనిపించేది 125 వరకు అని తరచుగా చెబుతుంటారు. తెలుగుకు ఆ సంఖ్యను నమ్ముకోవద్దు. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది లెక్కకు సంబంధించినది. మనం అక్షరం అనుకునేదాన్ని కంప్యూటర్ ముక్కలుగా లెక్కిస్తుంది. హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, ఒత్తు కావాలంటే పొల్లు ఒకటి, దాని కింది హల్లు ఒకటి. ‘పువ్వు’ మనకు రెండక్షరాలు, కంప్యూటర్‌కు ఆరు. ‘స్త్రీ’ మనకు ఒక్కటే అక్షరం, అది కూడా కంప్యూటర్‌కు ఆరే.

రెండోది ఇంకా ముఖ్యం. ఫోనులో కోత చాలావరకు వరుసలను బట్టి పడుతుంది. వరుసలో ఎంత పడుతుందో తెర వెడల్పు, అక్షరాల పరిమాణం, మన లిపి వెడల్పు కలిసి నిర్ణయిస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ఖాతా పేరు కూడా క్యాప్షన్ మొదటి వరుసలోనే కూర్చుంటుంది. పైగా తెలుగులో వరుస సాధారణంగా ఖాళీ దగ్గరే విరుగుతుంది. ‘తెచ్చుకున్నప్పటినుంచి’ వంటి పొడవాటి మాట వరుస చివర పట్టకపోతే, అక్కడి చోటును వదిలేసి మొత్తంగా కింది వరుసకు దిగుతుంది. అందుకే సంఖ్యను పక్కన పెట్టి, ‘రెండు చిన్న వరుసలు, అందులో కొంత నా పేరుకు పోతుంది’ అనుకుని రాయడం మేలు.

నా శ్లేష ఏ రకమో తెలుసుకోవడం నిజంగా అవసరమా?

అవసరమే. రకాన్ని బట్టి కోత చేసే నష్టం మారుతుంది. మన అలంకారశాస్త్రంలో అభంగ శ్లేష, సభంగ శ్లేష అని రెండున్నాయి. మాటను విరవకుండానే రెండర్థాలు వస్తే అభంగం. ‘పూత’ ఎలా చదివినా పూతే. మాటను ఒకలా కలిపి, ఇంకోలా విరిచి చదివితే రెండర్థాలు వస్తే సభంగం. ‘వాడిపోయింది’ అంటే వడలిపోవడం, ‘వాడి పోయింది’ అంటే పదును పోవడం.

అభంగ శ్లేషలో రెండర్థాల మాట ఎక్కడ పడినా దాని రూపం చెడదు, తోడుమాటలను కాపాడుకుంటే సరిపోతుంది. సభంగ శ్లేషలో ఖాళీ కూడా అర్థంలో భాగం. వరుస విరుగుడు ఆ ఖాళీ మీద పడవచ్చు, కోత సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే పడవచ్చు, కీబోర్డు దాన్ని తనంతట తాను కలిపేయవచ్చు. కాబట్టి సభంగ శ్లేషకు రెండు వరుసలు నిండా రాయకుండా కొంత చోటు మిగల్చాలి.

## తిరగరాసేటప్పుడు

ఒక క్యాప్షన్‌ను మొదటి నుంచి చివరి వరకు తిరగరాసి చూపిస్తారా?

గాజు సీసాలో తల వాల్చిన గులాబీ, పక్కన పాత కత్తెర ఉన్న ఫోటో అనుకుందాం. మొదట రాసుకున్న క్యాప్షన్ ఇది:

> వారం రోజుల క్రితం ఎంతో ముచ్చటపడి కోసి తెచ్చుకున్న గులాబీ ఇవాళ పొద్దున చూస్తే తల వాల్చేసింది. పక్కనే దాన్ని కోసిన కత్తెర. ఎన్నాళ్లుగా వాడుతున్నానో, ఇప్పుడు కాగితం కూడా తెగడం లేదు. మొత్తానికి పువ్వు వాడిపోయింది, కత్తెర వాడి పోయింది.

శ్లేష చివరి వాక్యంలో ఉంది. ఫీడ్‌లో మాత్రం ‘…తెచ్చుకున్న గులాబీ’ దగ్గరికి వచ్చేసరికే కంప్యూటర్ లెక్కలో 56 గుర్తులు అయిపోయాయి. ఖాతా పేరుతో కలిపితే రెండు వరుసలు దాదాపు నిండినట్టే. పాఠకుడు చూసేది ఒక గులాబీ కథకు మొదలు మాత్రమే.

ముందుగా శ్లేషకు కావలసిన మాటలను వేరు చేయాలి. రెండర్థాల మాట ‘వాడి పోయింది’. తోడుమాటలు ‘పువ్వు’, ‘కత్తెర’. ఈ మూడూ తప్ప పైన ఇంకేమీ ఉండనవసరం లేదు. ‘వారం రోజుల క్రితం’, ‘ముచ్చటపడి’, ‘ఇవాళ పొద్దున’ అనేవి కథకు పనికొస్తాయి, శ్లేషకు కాదు. ‘తల వాల్చేసింది’, ‘కాగితం కూడా తెగడం లేదు’ అనేవి ఇంకా నష్టం చేస్తాయి. శ్లేష చెప్పబోయే రెండు సంగతులనూ అవి ముందే విప్పి చెబుతున్నాయి. పువ్వు వాలిందని, కత్తెర మొద్దుబారిందని తెలిసిపోయాక చివరి వాక్యంలో పాఠకుడు కనిపెట్టడానికి ఏమీ మిగలదు. ఈ లోపం పూర్తి క్యాప్షన్ చదివినవాళ్ల దగ్గరా ఉంది. కోత దాన్ని బయటపెట్టిందంతే.

‘మొత్తానికి’ కూడా పోవాలి. ముందు చెప్పినదేదో ఉన్నప్పుడే ఆ మాటకు చోటు. మిగిలింది ఇది:

> పువ్వు వాడిపోయింది, కత్తెర వాడి పోయింది.

దీన్ని రెండు వరుసలుగా విడదీయాలా, ఒకే వాక్యంగా ఉంచాలా అన్నది తర్వాతి నిర్ణయం. విడదీస్తే రెండు ‘వాడిపోయింది’లు ఒకదాని కింద ఒకటి వచ్చి, కంటికి పోలిక ఇట్టే దొరుకుతుంది. ఖాతా పేరు చిన్నదైతే అలాగే చేయండి. పేరు పొడవైతే మాత్రం ప్రమాదం ఉంది. పేరు మొదటి వరుసను తినేస్తుంది, పువ్వు వాక్యం రెండో వరుసలోకి జారుతుంది, కత్తెర వాక్యం మూడో వరుసకు పోయి దాక్కుంటుంది. అలాంటప్పుడు కామా పెట్టి ఒకే వాక్యంగా రాస్తే, పువ్వు వాక్యం వదిలిన చోటులోనే కత్తెర మొదలవుతుంది. మొత్తం కలిపి 40 గుర్తులే కాబట్టి ఇరుక్కునే అవకాశం తక్కువ.

ఇక కోతకు కింద ఏముండాలి? మొదట తీసేసిన కథను అక్కడ పెట్టవచ్చు. అయితే మీట నొక్కినవారికి ఆ మాటతోనే ఇంకో మెట్టు చూపించడం నాకు ఎక్కువ నచ్చుతుంది:

> వాడి వాడి కత్తెర వాడి పోయింది,
> వాడకనే పువ్వు వాడిపోయింది.

కత్తెర వాడకం ఎక్కువై పాడైంది, పువ్వు ఎవరికీ ఉపయోగపడకుండానే పాడైంది. ఇది మొదటి దానికంటే మంచి వాక్యమే, అయినా పైన పెట్టకూడదు. ఒకే శబ్దం ఇన్నిసార్లు వచ్చినప్పుడు పాఠకుడు ఆగి చదవాలి. ఫీడ్‌లో వేలు కదిలిస్తూ పోయే మనిషికి ఆ ఆగడం ఉండదు. ‘పువ్వు వాడిపోయింది, కత్తెర వాడి పోయింది’ చదివి ఆట ఏమిటో పట్టుకున్నవాడికి ఇది తేలిగ్గా అందుతుంది.

ఫోటోలో ఉన్నదాన్నే మళ్లీ క్యాప్షన్‌లో చెప్పాలా?

వద్దు. కోత ఉన్నచోట ఫోటో మీకు ఉచితంగా దొరికిన తోడుమాట. పాల గిన్నె ముందు కాళ్లు చాపి కూర్చున్న పిల్లి ఫోటో ఉందనుకోండి. ‘పాలుపంచుకోవడం’ అంటే ఒక పనిలో భాగం తీసుకోవడం. ‘పాలు పంచుకోవడం’ అంటే గిన్నెలో పాలను ఇంకొకరితో పంచుకోవడం. పూర్తిగా రాస్తే ఇలా వస్తుంది:

> మా పిల్లి గిన్నెలో పాలు పంచుకోదు, ఇంటిపనిలో పాలుపంచుకోదు.

ఇందులో మొదటి సగం ఫోటోలో ఉన్నదే. పాలు కళ్ల ముందే ఉన్నాయి. దాన్ని తీసేసి ‘మా పిల్లి ఇంటిపనిలో పాలుపంచుకోదు’ అని మాత్రమే రాస్తే, ‘పాలు’ అన్న శబ్దం పడగానే కన్ను గిన్నె మీదికి పోతుంది. రెండో అర్థాన్ని పాఠకుడే అక్కడి నుంచి తెచ్చుకుంటాడు. తాను తెచ్చుకున్న అర్థం మీద అతనికి మమకారం ఎక్కువ. పొరపాటున రెండో సగాన్ని తీసేసి ‘పాలు పంచుకోదు’ను ఉంచితే మిగిలేది ఫోటోకు వర్ణన.

కాబట్టి ఫోటో ఏ అర్థం ఇస్తోందో చూసి, అది ఇవ్వని అర్థాన్నే రాయండి. ఒక్క జాగ్రత్త కావాలి. క్యాప్షన్‌ను ఎవరైనా ఫోటో లేకుండా విడిగా పంచుకునే అవకాశం ఉంటే రెండు సగాలూ ఉండాలి.

రెండు సగాల్లో ఏది ముందు పెట్టాలి?

అలవాటైన అర్థం ముందు, వింత అర్థం వెనక. ‘పువ్వు వాడిపోయింది’ అన్నది రోజూ వినే మాట, కాబట్టి పాఠకుడు సాఫీగా లోపలికి వస్తాడు. వెంటనే ‘కత్తెర వాడి పోయింది’ అన్నప్పుడు, కత్తెర ఎలా వాడుతుంది అని క్షణం తడబడి, విరిచి చదివి, పదును అన్న అర్థం పట్టుకుంటాడు. శ్లేష ఆ తడబాటులో ఉంది.

తిరగేస్తే కత్తెర వాక్యం ముందే వచ్చి, ఎవరో ఖాళీ తప్పుగా పెట్టారనిపిస్తుంది. తర్వాత వచ్చే పువ్వు వాక్యం ఆ అనుమానాన్ని తీర్చగలదు కానీ ఆశ్చర్యాన్ని ఇవ్వలేదు. ఒకే ఒక వరుస కనిపించే చోటైతే అలవాటైన సగం మాత్రమే పైన మిగిలిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు క్రమం మార్చకండి, రెండు సగాలూ ఆ వరుసలో పట్టేదాకా మాటలు తగ్గించండి.

ఏకవచనం బాగా లేదని ‘మీరు’ చేశాను. శ్లేష మాయమైంది. ఏం జరిగింది?

తెలుగులో రెండర్థాల మాటలు చాలావరకు ఒక్క రూపంలోనే రెండర్థాలు మోస్తాయి. ప్రత్యయం మారితే ఒక అర్థం రాలిపోతుంది. మంచి ఉదాహరణ ‘నీ మనసు తెలుపు’. ‘నీ మనసు తెల్లనిది’ అని ఒక అర్థం, ‘నీ మనసులో మాట చెప్పు’ అని ఇంకొకటి. తెల్లని మేఘం ఫోటో కింద ఈ మూడు మాటలే ఒక పూర్తి క్యాప్షన్.

దీన్ని గౌరవంగా ‘మీ మనసు తెలపండి’ అని మార్చగానే రంగు పోయింది, అభ్యర్థన మిగిలింది. ‘మీ మనసు తెలుపు’ అన్నా అంతే నష్టం. ‘మీ’కి, ఏకవచనంలోని ‘చెప్పు’ అనే అర్థానికి పొసగదు కాబట్టి పాఠకుడికి రంగు ఒక్కటే తోస్తుంది. ‘నీ మనసు తెల్లగా ఉంది’ అని వివరంగా రాస్తే అభ్యర్థన పోతుంది. ఇక్కడ ‘నీ’ అనడం అమర్యాద కాదు, కవితలో, పాటలో లాగా చనువు. అది కుదరని సందర్భమైతే ఈ శ్లేషను వాడకపోవడమే సరి, రూపం మార్చి ఇరికించకూడదు.

కుదించేటప్పుడు చేర్చే చిన్న మాటలతోనూ ఇదే గొడవ. ‘కత్తెర వాడి పోయింది’లో ‘కూడా’ చేర్చి ‘కత్తెర వాడి కూడా పోయింది’ అన్నారనుకోండి. అర్థం చక్కగా ఉంది, కానీ ‘వాడిపోయింది’ అన్న శబ్దం మధ్యలో తెగిపోయింది. ‘కూడా’, ‘మాత్రం’, ‘కదా’ లాంటివి పెట్టాలనిపిస్తే రెండర్థాల మాటకు బయట పెట్టండి. తిరగరాసిన ప్రతిసారీ ఆ మాటను పాత రూపంతో అక్షరం అక్షరం పోల్చి చూసుకోవాలి.

సగం చెప్పి ఆపేస్తే కుతూహలంతో మీట నొక్కుతారు కదా? రెండో అర్థాన్ని కింద దాచవచ్చా?

చాలాసార్లు పని చేయదు. ‘ఆకులన్నీ రాలాయి, నువ్వు మాత్రం…’ దగ్గర కోత పడేలా రాసి, ‘రాలేదు’ను కింద పెట్టారనుకుందాం. ‘రాలాయి’, ‘రాలేదు’ల మధ్య ఉన్న శబ్దపు ఆటే ఈ వాక్యానికి ప్రాణం. అది కింద ఉండిపోతే పైన మిగిలేది విరహం గురించిన మామూలు వాక్యం. అలాంటివి ఫీడ్‌లో ఎన్నో ఉంటాయి, నొక్కడానికి పాఠకుడికి కారణం లేదు. పైగా మీరు అనుకున్న చోటే కోత పడుతుందన్న హామీ కూడా లేదు. పెద్ద తెర మీద ‘రాలేదు’ కూడా పైకి వచ్చేస్తుంది, చిన్న తెర మీద ‘నువ్వు’ కూడా కిందికి పోతుంది. ‘ఆకులన్నీ రాలాయి, నువ్వు రాలేదు’ అని పైనే పూర్తి చేయండి.

ఒక్క సందర్భంలో దాచడం బాగుంటుంది. పైనున్న వాక్యం తనంతట తాను పూర్తిగా తృప్తినిచ్చి, కింద వచ్చేది దాన్ని తలకిందులు చేసేదైనప్పుడు. ‘మా పిల్లికి స్వార్థం లేదు. దొరికినవన్నీ పంచుతుంది.’ అని పైన ఉంచి, కింద ‘పాలు తప్ప. వాటిలో నాకు పాలు లేదు.’ అంటే, నొక్కనివాడికి ఒక ముద్దు వాక్యం దక్కింది, నొక్కినవాడికి పాలలో వాటా అనే శ్లేష దక్కింది. నొక్కనివాడు మోసపోలేదు. నేను పెట్టుకునే హద్దు అదే.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే చోటు కలిసి వస్తుంది కదా?

చోటు కొంత కలిసి రావచ్చు, శ్లేష మాత్రం నమ్మకంగా నిలవదు. ఆ లిపిలో ‘కల’కు, ‘కళ’కు తేడా కనిపించదు, చాలామంది ‘కాల’ను కూడా అలాగే రాసేస్తారు. తెలుగు లిపిలో వేరువేరుగా ఉన్న మాటలు అక్కడ ఒకటైపోవడంతో లేని శ్లేష ఉన్నట్టు అనిపిస్తుంది. నిజమైన శ్లేష ఉన్నచోట పాఠకుడు ఏ మాట అనుకోవాలో తెలియక మొదటి అర్థం దగ్గరే చిక్కుకుంటాడు. మొదటి అర్థం తడుముకోకుండా అందినప్పుడే రెండోది ఆనందం ఇస్తుంది.

ఎమోజీలు, హ్యాష్‌ట్యాగులు ఎక్కడ పెట్టాలి?

కోతకు కింద. ముందు పెడితే శ్లేషకు దక్కాల్సిన వరుసను అవి తీసుకుంటాయి. ముఖ్యంగా పువ్వు మాట పక్కన పువ్వు బొమ్మ, కత్తెర మాట పక్కన కత్తెర బొమ్మ పెట్టడం వల్ల చోటు పోవడమే కాకుండా, పాఠకుడు కనిపెట్టాల్సినదాన్ని వేలెత్తి చూపినట్టు అవుతుంది.

## పోస్టు చేసే ముందు

రాసే తెరలో అంతా కనిపిస్తోంది. ఎక్కడ తెగుతుందో ముందే ఎలా తెలుసుకోవాలి?

రాసేచోట కోత కనిపించదు కాబట్టి బయటే చూడాలి. కొద్దిమందికే కనిపించే ఖాతా ఇంకొకటి ఉంటే, అందులో అదే ఫోటో, అదే క్యాప్షన్ పెట్టి ఫీడ్‌లో చూడండి. ఆ ఖాతా పేరు మీ అసలు ఖాతా పేరంత పొడవు ఉంటేనే ఈ పరీక్షకు అర్థం ఉంది. తర్వాత ఫోను అమరికల్లో అక్షరాల పరిమాణం పెంచి మళ్లీ చూడండి. పెద్ద అక్షరాలతో చదివేవారు తక్కువేమీ కాదు, వారి తెర మీద వరుసలో పట్టే మాటలు బాగా తగ్గిపోతాయి. అక్కడ కూడా శ్లేష పైనే ఉంటే చాలావరకు నిశ్చింత.

కోత పరీక్ష అయ్యాక మనిషి పరీక్ష. విషయం తెలియని ఒకరికి ఫోటోను, కనిపించే వరుసలను మాత్రమే చూపి, ‘ఏమర్థమైంది?’ అని అడగండి. ‘ఇందులో శ్లేష అర్థమైందా?’ అని అడిగితే పరీక్ష చెడిపోతుంది, ఉందని తెలిశాక ఎవరైనా వెతికి పట్టుకుంటారు.

‘వాడి పోయింది’ మధ్యలో వరుస విరిగితే ఏమవుతుంది?

‘కత్తెర వాడి’ ఒక వరుసలో, ‘పోయింది’ తర్వాతి వరుసలో పడి, రెండూ కనిపిస్తే పెద్ద నష్టం లేదు. విరుపు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి పదును అన్న అర్థం త్వరగానే అందుతుంది. అయితే విరుపు కంటే ముందు కలయిక వినిపించాల్సిన ఆట ఇది, అందువల్ల ఆశ్చర్యం కాస్త తగ్గుతుంది.

అసలు ప్రమాదం కోత ఆ ఖాళీ దగ్గర పడినప్పుడు. ‘కత్తెర వాడి…’ అని మాత్రమే కనిపిస్తే, కత్తెరను ఉపయోగించి ఏదో చేశారన్న మూడో అర్థం వస్తుంది. వాక్యం తప్పుదారి పట్టిందని రాసినవారికి అనుమానం కూడా రాదు, ఎందుకంటే ఆ ముక్క కూడా మంచి తెలుగే. సభంగ శ్లేష రాసినప్పుడు, రెండర్థాల మాటను అది తెగగల ప్రతి చోటా ఆపి చదివి చూడండి. మిగిలిన ముక్క ఇంకేదో చెబుతుంటే, ముందున్న మాటలను ఇంకా తగ్గించి మొత్తం మాటను పైకి లాగాలి.

కీబోర్డు సూచనల మీద కూడా కన్నేసి ఉంచండి. ‘వాడి’ తర్వాత ఖాళీ ఇచ్చి ‘పోయింది’ కొడుతుంటే, కలిపిన రూపాన్ని పెట్టేసే కీబోర్డులు ఉన్నాయి. పోస్టు చేసే ముందు ఖాళీ ఉందో లేదో చూడాల్సిన మాట ఇదొక్కటే.

తెర చదివి వినిపించే సాధనాలు వాడేవారికి ఈ శ్లేష అందుతుందా?

ఖాళీ మీదే ఆధారపడితే అందదు. ‘వాడిపోయింది’, ‘వాడి పోయింది’ చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ‘పువ్వు’, ‘కత్తెర’ అనే తోడుమాటలు రెండూ ఉన్నప్పుడు మాత్రం చెవికి కూడా అందుతుంది, ఎందుకంటే కత్తెరకు వాడిపోవడం కుదరదని వినేవాడే గ్రహించి విరుచుకుంటాడు. ఫోటోను తోడుమాటగా వాడి ఒక సగాన్ని తీసేసినట్టయితే, ఫోటో వివరణ రాసే చోట ఆ వస్తువును పేరు పెట్టి చెప్పండి. పిల్లి ముందు పాల గిన్నె ఉందని వివరణలో లేకపోతే ‘ఇంటిపనిలో పాలుపంచుకోదు’ అన్నది వినేవారికి పిల్లి మీద ఫిర్యాదుగానే మిగులుతుంది.

## పోస్టు చేశాక

ఎవరో వచ్చి ‘ఖాళీ తప్పుగా పెట్టారు, సరిచేయండి’ అన్నారు. నేనేం చేయాలి?

ఆ పాఠకుడి మీద విసుక్కోవద్దు. అతను చెబుతున్నది విలువైన సమాచారం. విరిచిన రూపం కనిపించింది, దానికి అర్థం ఇచ్చే తోడుమాట మాత్రం అందలేదు. ‘కత్తెర’ కోత కింద ఉండిపోయి ఉండవచ్చు. లేదా ‘కత్తెర’ బదులు ‘ఇది’, ‘అది’ లాంటి సర్వనామం వాడి ఉండవచ్చు. కుదించే తొందరలో చాలామంది చేసే పని అదే. ‘పువ్వు వాడిపోయింది, ఇది వాడి పోయింది’ అంటే, ఫోటోలో కత్తెర ఉన్నా ‘ఇది’ దేన్ని చూపుతోందో తెలియదు. శ్లేషలో తోడుమాట స్థానంలో సర్వనామం నిలవదు, వస్తువు పేరే ఉండాలి.

శ్లేష అందలేదని ఎలా తెలుస్తుంది? అప్పుడు మార్చవచ్చా?

స్పందనలన్నీ ఒకే అర్థానికి వస్తుంటే అందనట్టే. ‘అయ్యో, ఇంకో పువ్వు తెచ్చుకోండి’ అని పదిమంది ఓదారుస్తుంటే కత్తెర ఎవరికీ చేరలేదు. అందినచోట ఎవరో ఒకరు అదే మాటతో ఆటను కొనసాగిస్తారు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి చోట్ల క్యాప్షన్‌ను తర్వాత కూడా సవరించవచ్చు. మాటలను పైకి లాగడం, ముందున్న కథను కిందికి దించడం వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. రెండర్థాల మాటనే మార్చాలనుకుంటే మాత్రం ఆగండి. అప్పటికే దాన్ని పట్టుకుని జవాబుగా శ్లేష అల్లినవారి వ్యాఖ్యలు ఆధారం లేకుండా పోతాయి.

శ్లేష ఏమిటో కింద వివరించవచ్చా?

కోతకు కింద అయితే వివరించవచ్చు, తెలుగు నేర్చుకుంటున్నవారికి అది ఉపయోగం. ‘వాడి అంటే పదును’ అన్న ఒక్క ముక్క చాలు. పైన మాత్రం వద్దు, కుండలీకరణాల్లో కూడా వద్దు.

ఎంత కుదించినా రెండు వరుసల్లో పట్టడం లేదు. ఇంకేమైనా దారి ఉందా?

కొన్ని శ్లేషలకు ముందు కథ తప్పనిసరి. ఎవరు ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో తెలియకపోతే రెండో అర్థం రాదు. అలాంటివాటిని కత్తిరించి ఎముకల గూడు చేయకండి. మొదట, ఆ సందర్భాన్ని ఫోటో మోయగలదేమో చూడండి. సీసాలోని గులాబీని దగ్గరగా తీసిన ఫోటో బదులు, పక్కనున్న కత్తెర కూడా పడేలా కొంచెం దూరం నుంచి తీసినది ఎంచుకుంటే, ‘కోసిన కత్తెర పక్కనే ఉంది’ అన్న వాక్యం అవసరం లేకుండా పోతుంది.

అదీ కాకపోతే శ్లేష వాక్యాన్ని ఫోటో మీదే రాసేయండి. అక్కడ కోత పడదు, వరుస ఎక్కడ విరగాలో కూడా మీ చేతిలోనే ఉంటుంది. ఫోటో అంచులకు మరీ దగ్గరగా రాయవద్దు, కొన్నిచోట్ల చిన్న బొమ్మగా చూపేటప్పుడు అంచులు కత్తిరిస్తారు. అప్పుడు క్యాప్షన్ పై వరుసల్లో ఆ వాక్యాన్నే మళ్లీ రాయకుండా కథను మొదలుపెట్టండి. ఫోటో వివరణలో మాత్రం ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు, ఖాళీతో సహా, ఇవ్వడం మరవకండి.